శనివారం పారాయణలో మనవాళ్ళొకరి కోసం

అక్కయ్యలకీ, అన్నయ్యలకీ, పెద్దలందరికీ నమస్కారం.

మన పారాయణ గ్రూపులో ఒకరికి ఒంట్లో బాగాలేదు. ఆస్పత్రిలో ఉన్నారు. అందరినీ దణ్ణం పెట్టుకోమని అడగమన్నది వాళ్ళింట్లోవాళ్ళే. పేరు, జబ్బు, ఆస్పత్రి మాత్రం బయటపెట్టొద్దన్నారు. అందుకే అక్కయ్యో అన్నయ్యో కూడా తెలియకుండా 'వారు' అనే రాస్తున్నాను.

కొందరికి ఇప్పటికే తెలిసి ఉండొచ్చు. ఇంకొందరు పోయిన వారం రాని వాళ్ళెవరా అని గుర్తు చేసుకుంటారు. తెలిసినా, అనుమానం వచ్చినా ఇక్కడ పేరు రాయకండి. నెల్లూరులోనే ఉన్నారా, మద్రాసు తీసుకెళ్ళారా అని అడగకండి. ఈ మెసేజి ఇంకో గ్రూపుకి పంపకండి. ఇంటివాళ్ళు దగ్గర కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పాల్సిన మాట చుట్టాలకి ఫార్వర్డులో చేరితే ఆ బాధ వేరు.

మా నాన్నగారు ఐసీయూలో ఉన్నప్పుడు అమ్మ బయట ఇనుప కుర్చీలో కూర్చుని, వచ్చిన ఫోనుకల్లా మొదట్నించీ చెప్పేది. అడిగినవాళ్ళంతా ప్రేమతోనే అడిగారు. సాయంత్రానికి ఫోనులో చార్జింగు అయిపోయింది, అమ్మకి గొంతు పోయింది. లోపలి నుంచి డాక్టరుగారు చేసిన ఫోను మాత్రం అందలేదు. ఆ రోజు నేను మర్చిపోలేను. దయచేసి ఎవరూ వాళ్ళకి ఫోన్ చేయకండి, చూడటానికి వెళ్ళకండి. మందులు, వైద్యాల సలహాలు కూడా వద్దు. డబ్బు అవసరం లేదన్నారు.

ఈ శనివారం ఎప్పటిలాగే సాయంత్రం 6 గంటలకి రంగనాయకుల గుడిలో కలుద్దాం. విష్ణు సహస్రనామం పూర్తయ్యాక 'ఆర్తా విషణ్ణాః' శ్లోకం మూడుసార్లు చదువుదాం. ఘోరమైన వ్యాధుల్లో ఉన్నవాళ్ళు కూడా నారాయణ శబ్దం పలికితే చాలు, దుఃఖం తీరి సుఖపడాలని కోరే శ్లోకం అది. ఎన్నేళ్ళుగానో నోటికి వచ్చేసిన శ్లోకం, ఈసారి ఒక్కొక్క మాటా నిలిపి చదువుదాం.

అర్చనకి గోత్రనామాలు ఏం చెప్పాలని ఒకరిద్దరు అడుగుతారని తెలుసు. అవి ఇంటివాళ్ళే అర్చకస్వామికి విడిగా చెప్పుకున్నారు. మనం సంకల్పంలో 'మాలో ఒకరు' అనుకుంటే చాలు, స్వామికి తెలుసు.

రాలేనివాళ్ళు ఇంట్లో దీపం దగ్గర 'అచ్యుతాయ నమః, అనంతాయ నమః, గోవిందాయ నమః' అని 108 సార్లు అనుకోండి. ఆఫీసులో ఉన్నా, బస్సులో ఉన్నా అనుకోవచ్చు.

ఈ మెసేజి కింద చేతులు జోడించిన గుర్తు ఒక్కటి పెట్టండి. అవన్నీ ఇంటివాళ్ళకి చూపిస్తాను. ఇంకేమైనా చెప్పాలనుంటే నాకు విడిగా రాయండి. వారి సంగతి వాళ్ళు చెప్పమన్నప్పుడు, చెప్పమన్నంతవరకే ఇక్కడ రాస్తాను. అప్పటిదాకా నా దగ్గర కబురు లేదని కంగారు పడకండి.