నిన్నటి నీరు, ఎన్నాళ్లదో వెలుగు

వేదిక మీదున్న హెడ్మాస్టరు గారికి, మా సైన్సు మాస్టారికి, టీచర్లందరికీ, ఊళ్లోంచి వచ్చిన పెద్దలకు, నా తోటి పిల్లలకు నమస్కారమండి. నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ఇవాళ సైన్సు దినోత్సవం కదా, ఆకాశంలోంచి మన దగ్గరికొచ్చే వెలుగు ఎంత పాతదో చెబుతాను.

వెలుగు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంత వేగం ఉన్నా, సూర్యుడి దగ్గర బయల్దేరింది మన దగ్గరికి రావడానికి ఎనిమిది నిమిషాల పైన పడుతుంది. అంటే మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టినప్పుడు నెత్తి మీద ఉన్న ఎండ, మనం ఇంకా లెక్కల క్లాసులో ఉండగా బయల్దేరిందన్నమాట.

ఈ సంగతి మన గోదావరి వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదండి. వరదల్లో చూడండి. టీవీలో భద్రాచలం దగ్గర తగ్గుముఖం పట్టిందని చెబుతుంటారు, మన లంకల్లో మాత్రం నీళ్లు ఇంకా గట్టెక్కుతూనే ఉంటాయి. మన మెట్టు దగ్గరికొచ్చిన నీరు పైన ఎప్పుడో బయల్దేరింది కదా. అది చూసి పైన ఇప్పుడెలా ఉందో చెప్పలేం, అది బయల్దేరినప్పుడు ఎలా ఉందో చెప్పగలం. నక్షత్రాల వెలుగూ అంతే. కాకపోతే నీటికి రోజులు పడితే, దానికి ఏళ్లు పడతాయి.

ఆ ఏళ్లు ఎన్నో కొన్ని చెబుతాను. రోహిణి నక్షత్రం మనకు 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఒక కాంతి సంవత్సరమంటే దాదాపు తొమ్మిదిన్నర లక్షల కోట్ల కిలోమీటర్లు. ఇవాళ మన కంట్లో పడే రోహిణి వెలుగు బయల్దేరేనాటికి మన హెడ్మాస్టరు గారు ఇంకా పుట్టలేదు. (క్షమించాలి సార్, మాస్టారే ఈ ఉదాహరణ చెప్పమన్నారు.)

నాకు అన్నిటికంటే నచ్చింది అగస్త్య నక్షత్రం. దాని దూరం సుమారు 310 కాంతి సంవత్సరాలు. ఆ వెలుగు బయల్దేరినప్పుడు ధవళేశ్వరం ఆనకట్ట లేదు, కాలువల్లేవు, కాటన్ దొర పుట్టనే లేదు. 1847లో ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయ్యేసరికి కూడా అది ఇంకా సగం దారి రాలేదు. తర్వాత కాలువలొచ్చాయి, మన పొలాలకు రెండు పంటలొచ్చాయి, అది మాత్రం వస్తూనే ఉంది.

ఇక్కడ చాలామంది అనే మాట ఒకటుంది: మనం చూసే నక్షత్రాలన్నీ ఎప్పుడో చచ్చిపోయాయని. వినడానికి బాగుంటుంది కానీ నిజం కాదండి. మామూలు కంటికి కనిపించేవి చాలావరకు కొన్ని వేల కాంతి సంవత్సరాల లోపే ఉన్నాయి. నక్షత్రాల ఆయుష్షు లక్షలు, కోట్ల ఏళ్లు. కాబట్టి దాదాపు అన్నీ ఇప్పటికీ అక్కడే వెలుగుతున్నాయి. ఆర్ద్ర మాత్రం ముసలిదైపోయింది, ఎప్పటికైనా పేలిపోతుంది. అది ఈ రాత్రే పేలినా, మనకు తెలిసేది కొన్ని వందల ఏళ్ల తర్వాతే.

అలాంటి పేలుడు ఒకటి నిజంగానే కనబడింది. దేశంలో మొట్టమొదటి సైన్సు దినోత్సవం 1987 ఫిబ్రవరి 28న జరిగింది. దానికి నాలుగు రోజుల ముందు, 24న, దక్షిణ అమెరికాలోని చిలీలో ఆకాశం చూస్తున్నవాళ్లకు కొత్తగా ఒక చుక్క కనబడింది. మన పక్క గెలాక్సీలో పేలిన నక్షత్రమది. ఆ పేలుడు జరిగి అప్పటికే లక్షా 60 వేల ఏళ్లు దాటింది.

పాత కబురే అయినా అందులో విషయం చాలా ఉంటుంది. వెలుగును పట్టకంతో రంగులుగా విడదీస్తే మధ్యలో సన్నటి గీతలు కనిపిస్తాయి. ఆ నక్షత్రంలో ఏ మూలకాలున్నాయో అవే చెబుతాయి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మన గుంటూరుకొచ్చి ఇలాగే సూర్యుడి అంచు వెలుగును పరిశీలించాడు. అదే ఏడాది ఇంగ్లండులో లాకియర్ అనే శాస్త్రజ్ఞుడు ఆ వెలుగులోని ఒక పసుపు గీత భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని గుర్తించాడు. ఆ కొత్త మూలకానికే హీలియం అని పేరొచ్చింది. భూమ్మీద అది దొరికింది 1895లో! సి.వి. రామన్ గారు 1928 ఫిబ్రవరి 28న బయటపెట్టింది కూడా వెలుగు సంగతే. వెలుగు ఒక పదార్థం గుండా పోయి బయటికొచ్చినప్పుడు, అందులో కొంచెం భాగం రంగు మారుతుందని చూపించారు. ఆ మార్పును బట్టి పదార్థం ఏమిటో చెప్పొచ్చు.

ఈ రాత్రి ఏడున్నరకు దక్షిణం వైపు తిరిగి నిలబడండి. పైన బాగా మెరిసే చుక్క మృగవ్యాధుడు, దాని కిందుగా, బాగా దిగువన కనిపించేది అగస్త్యుడు. కొబ్బరి చెట్లు అడ్డొస్తే ఏటిగట్టు ఎక్కండి, కానీ చిన్నపిల్లలు పెద్దవాళ్లతోనే వెళ్లండి. ప్రశ్నలేమైనా ఉంటే అడగండి, తేలికవి నేను చెబుతాను. కష్టమైనవాటికి మాస్టారు ఉన్నారు. నమస్కారం.