పి.డబ్ల్యు.1 (వాది) సాక్ష్యం: అంశాల వారీ సారాంశం, పేజీ, లైను నంబర్లతో

నల్గొండ సీనియర్ సివిల్ జడ్జి కోర్టు. అగ్రిమెంటు అమలు కోసం వేసిన దావా. దేవరకొండ వైపు భూమి, సర్వే నంబరు 214/ఆ, 3 ఎకరాల 12 గుంటలు. మనం ప్రతివాది తరఫున.

సార్,

వాది సాక్ష్యం సర్టిఫైడ్ కాపీ మొత్తం 20 పేజీలు. మొదటి పేజీ కోర్టులో చీఫ్ అఫిడవిట్ దాఖలు, ఎ-1 నుంచి ఎ-6 వరకు మార్కింగ్. 2 నుంచి 19 వరకు అడ్వకేట్ కమిషనర్ ముందు మీరు చేసిన క్రాస్. 20వ పేజీ రీ-ఎగ్జామినేషన్. కాపీలో లైను నంబర్లు లేవు కాబట్టి ప్రతి పేజీలో పైనున్న దావా హెడ్డింగు వదిలేసి, సాక్ష్యం మొదలైన వరుస నుంచి నేనే లెక్కపెట్టాను. మీ ఫైలులోని కాపీ మీద పెన్సిలుతో ప్రతి ఐదో లైనుకు నంబరు వేశాను. 13:4–22 అంటే 13వ పేజీ, 4 నుంచి 22వ లైను వరకు. కొటేషన్లలో ఉన్నవి కాపీలోని మాటలే, నేను సర్దినవి కావు.

టైము తక్కువుంటే ముందు 7:15–17, 13:4–22, 20:3–9 ఈ మూడూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవండి. ఈ కేసు అక్కడే ఉందని నా అభిప్రాయం.

చిట్టీ (బి-1), వడ్డీ లెక్క

మన వాదన మొదటి నుంచీ ఒకటే: ఇది భూమి అమ్మకం కాదు, మూడు లక్షల అప్పు. పూచీగా ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. దానికి ఆధారంగా చూపించిన చిట్టీని సాక్షి చేతికిచ్చిన ఘట్టం 13వ పేజీ మొత్తం ఉంది. వాది ఎరువుల దుకాణం బిల్లుబుక్కు కాగితం వెనక రాసిన లెక్క అది. పైన 25-08-2019 తేదీ, కింద మూడు లక్షలు, నూటికి రెండు రూపాయలు, నెలకు 6,000, ఐదు నెలలకు 30,000 అని ఉంది.

చేతిరాత తనదేనని ఒప్పుకున్నాడు (13:4–7). బిల్లుబుక్కు తన దుకాణానిదేనని ఒప్పుకున్నాడు (13:8–9). మూడు లక్షల అసలు ఎవరిదని అడిగితే, "ఎవరి లెక్కో ఇప్పుడు గుర్తు లేదు" (13:14–15). చిట్టీ ప్రతివాది దగ్గరికి ఎలా వచ్చిందంటే, "తెలియదు" (13:19). ఐదు నెలలు వెనక్కి లెక్కిస్తే మార్చి వస్తుంది, అగ్రిమెంటు తేదీ 12-03-2019. ఈ మాట సాక్షికి సజెషన్‌గా పెట్టారు, కాదన్నాడు (13:20–22). కాదన్నా ఫరవాలేదు, లెక్క కాగితం మీదే కనబడుతోంది.

దీనికి ముందే, బి-1 ఇంకా చూపించకముందు, సాక్షి ఇలా చెప్పి ఉన్నాడు: "మా ఇద్దరి మధ్య ఈ అగ్రిమెంటు తప్ప వేరే ఏ లావాదేవీలూ లేవు" (7:15–17). రీ-ఎగ్జామినేషన్‌లో వాళ్ల వకీలు అడిగితే మాట మార్చాడు: "బి-1 లో ఉన్నది ప్రతివాది ఎరువుల బాకీ లెక్క" (20:3–9). రెండూ నిజం కావడానికి వీల్లేదు. క్రాస్‌లో గుర్తు లేని లెక్క రీ-ఎగ్జామినేషన్ నాటికి గుర్తుకు రావడం ఒక ఎత్తయితే, వేరే లావాదేవీలే లేవన్న మనిషికి ఎరువుల బాకీ ఎక్కడిదన్నది ఇంకో ఎత్తు. 20వ పేజీలో మనకు మళ్లీ క్రాస్ చేసే అవకాశం అడిగినట్టు రికార్డులో లేదు. 7:15–17 అలాగే నిలిచి ఉంది కాబట్టి అడగకపోవడమే మంచిదయిందని నాకనిపిస్తోంది. అడిగి ఉంటే ఖాతా పుస్తకం తెస్తానని ఉండేవాడు.

రెండో విడత నాలుగు లక్షలు (ఎ-2)

ఎ-1 వెనక వైపు 20-07-2019 తేదీతో ఉన్న ఎండార్స్‌మెంట్ ఇది. రాసింది తానే (10:12–14). కింద ప్రతివాది సంతకం ఉంది, సాక్షుల సంతకాలు లేవు (10:15–18). "మా ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం" (11:3–6). అదే పేజీలో కొంచెం కిందికొస్తే, డబ్బు లెక్కపెట్టింది పి.డబ్ల్యు.2 అంటాడు (11:14–20). ఎనిమిది లైన్ల తేడాలో ఇద్దరూ ముగ్గురయ్యారు. పి.డబ్ల్యు.2 చీఫ్ అఫిడవిట్‌లో జులై సంగతి ఎక్కడా లేదు, అతను 12-03-2019 నాటి అటెస్టేషన్ గురించి మాత్రమే చెప్పాడు. వచ్చే వాయిదాకు అతని క్రాస్‌లో ఈ ప్రశ్న ఎలా వేయాలో మీరు నిర్ణయించాలి. నేరుగా అడిగితే నేనూ ఉన్నానంటాడేమో. జులైలో వాది ఇంటికి వెళ్లాడా లేదా అన్నది మామూలు మాటల్లో ముందే రాబడితే బాగుంటుందని నా సూచన.

డబ్బు ఎక్కడిదంటే, "రైతులు ఎరువుల బాకీలు కట్టారు, ఆ డబ్బు" (12:2–6). మన వైపు జులై అంటే పత్తి విత్తి, ఎరువులు ఉద్దెర తీసుకునే కాలం. బాకీలు కట్టేది పత్తి అమ్ముకున్నాక, చలికాలంలో. ఇది రికార్డులో లేదు సార్, సాక్షిని అడగలేదు కూడా. కానీ పి.డబ్ల్యు.2 కూడా రైతే కాబట్టి అతనితో చెప్పించవచ్చు.

మిగతా 16,40,000 సిద్ధంగా ఉందా

ఎకరం 8 లక్షల చొప్పున మొత్తం 26,40,000. బయానా 6 లక్షలు, ఎ-2 ప్రకారం 4 లక్షలు పోతే మిగిలేది 16,40,000 (3:5–12). ఆరు నెలల్లో రిజిస్ట్రేషన్ కావాలి, అంటే 2019 సెప్టెంబరు 12 గడువు.

బ్యాంకు స్టేట్‌మెంటు (ఎ-5) చూపిస్తే, ఆ తేదీన తన ఖాతాలో 1,86,450 మాత్రమే ఉందని ఒప్పుకున్నాడు (15:2–6). దావా వేసే వరకు ఎప్పుడూ ఐదు లక్షలు దాటలేదనీ ఒప్పుకున్నాడు (15:7–10). మిగతాది ఇంట్లో నగదు అన్నాడు (15:11–12). ఎంత అంటే చెప్పలేదు. తర్వాత "మా బావమరిది ఇస్తానన్నాడు" (15:15–17). బావమరిది సాక్షుల జాబితాలో లేడు. ఐటీ రిటర్నుల్లో ఈ అగ్రిమెంటు చూపలేదు (16:1–4).

ఈ అంశాన్ని నేను బి-1 తర్వాత రెండోదిగా పెడతాను. ఎందుకంటే అగ్రిమెంటు 2018 అక్టోబరు 1 తర్వాతది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సవరణ వచ్చాక, కోర్టు విచక్షణ మీద ఆధారపడి మన పార్టీ పేద రైతని, భూమే ఆధారమని వాదిస్తే మునుపటిలా నడవదు. 16(సి) కింద వాది సిద్ధంగా ఉన్నానని రుజువు చేసుకోవాల్సిందే, అది మాత్రం పోలేదు.

మూడేళ్లు ఎందుకు ఆగాడు

మొదటి నోటీసు 18-08-2022 (ఎ-3), దావా 06-09-2022. కాలపరిమితి మనకు పనికిరాదు, మూడేళ్ల లోపలే ఉంది. కరోనా కాలపు మినహాయింపు కూడా వాళ్లకు అక్కర్లేదు. కానీ ప్రవర్తన మీద వాడుకోవచ్చు. కరోనా వల్ల ఆగానన్నాడు (17:3–7), ధరణి వల్ల రిజిస్ట్రేషన్లు ఆగాయన్నాడు (17:8–10). గడువు దాటింది 2019 సెప్టెంబరులో. లాక్‌డౌన్ 2020 మార్చిలో వచ్చింది, ధరణి 2020 అక్టోబరు 29న మొదలైంది. మధ్య ఆ ఆరు నెలల్లో ఒక్క ఉత్తరం కూడా రాయలేదని ఒప్పుకున్నాడు (17:11–15).

కబ్జా, స్టాంపు డ్యూటీ

ఎ-1 లో ఆ రోజే భూమి స్వాధీనం చేసినట్టు రాసి ఉంది. దావాలోనూ అదే ఉంది. క్రాస్‌లో: "నాకు కబ్జా ఇవ్వలేదు. ఇప్పటికీ ప్రతివాదే పత్తి వేస్తున్నాడు" (9:3–9). రైతుబంధు ప్రతివాది ఖాతాలోనే పడిందనీ చెప్పాడు (9:20–24). కబ్జా విషయంలో ఇంతకంటే అక్కర్లేదు.

స్టాంపు సంగతి వేరు. డ్యూటీ కాగితంలో రాసినదాన్ని బట్టి పడుతుంది, నోటితో చెప్పినదాన్ని బట్టి కాదు. స్వాధీనం రాసి ఉన్నందుకు అమ్మకం దస్తావేజుకు పడే డ్యూటీ పడాలి, ఎ-1 వంద రూపాయల స్టాంపు మీద ఉంది. మీ అభ్యంతరం 1:19–22 లో నమోదైంది, "అభ్యంతరానికి లోబడి" మార్క్ చేశారు. దాని మీద ఉత్తర్వు ఏదీ లేదు. ఇలాంటి అభ్యంతరాన్ని అప్పుడే తేల్చాలి కాబట్టి వాదనల దాకా ఆగకుండా మెమో వేస్తే మంచిది.

అగ్రిమెంటు ఎక్కడ రాశారు

చీఫ్ అఫిడవిట్ 4వ పేరా: నల్గొండ రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర. క్రాస్: ప్రతివాది ఊళ్లో, అతని ఇంట్లో (5:11–19). స్టాంపు వాది పేరు మీద 04-03-2019 న కొన్నది (5:20–23). రాతగాడిని సాక్షిగా పిలవరట (6:12–13).

మనకు ఇబ్బందిగా ఉన్నవి

ఇవి దాచి రాస్తే సారాంశం వల్ల ఉపయోగం లేదు. ఎ-1 మీద సంతకం మనదేనన్నది వివాదం కాదు. మన పార్టీ పదో తరగతి చదివాడు, చదివి సంతకం పెట్టాడని సాక్షి గట్టిగానే నిలబడ్డాడు (4:8–15). రెండో అటెస్టర్ మన పార్టీకి పెదనాన్న కొడుకు (6:2–10), ఆ మాటను మనం కాదనలేదు. అతను వాళ్ల తరఫున వస్తే కష్టం, రాకపోతే ఎందుకు పిలవలేదని మనం అడగవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం: 20-07-2019 న తాను హైదరాబాద్ ఆసుపత్రిలో ఉన్నానని మన పార్టీ మొన్న ఆఫీసులో చెప్పాడు. ఆ సజెషన్ క్రాస్‌లో పడలేదు, జవాబు దావాలోనూ లేదు. 18:5–12 లో ఎ-2 గురించి ఉన్న సజెషన్ డబ్బు ఇవ్వలేదనే వరకే. డి.డబ్ల్యు.1 గా ఎక్కి ఆ మాట చెబితే తర్వాత కల్పించిందని కొట్టేస్తారు. ఆసుపత్రి కాగితాలు నిజంగా ఉన్నాయో లేదో ముందు చూసి, ఉంటేనే వాదిని మళ్లీ పిలిపించడానికి ఆర్డర్ 18 రూల్ 17 కింద పిటిషన్ గురించి ఆలోచిద్దాం. సోమవారం కాగితాలు తెమ్మని ఫోన్ చేసి చెప్పాను.

కాపీలో తప్పులు

10:21 లో రెండో విడత "40,000" అని పడింది. 10:13, 11:2 లో 4,00,000 సరిగ్గానే ఉంది కాబట్టి అది టైపింగ్ తప్పే, దాని మీద ఆధారపడవద్దు. 16:6 లో "ప్రతివాది" అన్నచోట "వాది" పడింది. వాక్యం చదివితే తెలిసిపోతుంది గానీ, వాదనల్లో ఆ లైను చదివేటప్పుడు గుర్తుంచుకోండి.