లాభాల వాటాపై మీ చాట్: నేను చదివిన తీరు

జూలై 24, 2025
విజయవాడ

రమణ గారికి,

మీరు పంపిన చాట్ మొదటి నుంచి చివరి వరకు చదివాను. లారీ బాడీ షెడ్డులో మీ భాగస్వామి సుబ్బారావు గారు మెల్లగా దిగివస్తున్నారని నిన్న మీరు ధీమాగా అన్నారు. చాట్‌లో మాత్రం అలా కనిపించడం లేదు. ఒకే ఒక్క చోట ఆయన మీకు బాగా పనికొచ్చే మాట అన్నారు. మీరు దాన్ని పట్టించుకోలేదు. నెల తిరిగాక ఆయన ఆ మాటను చాలా నేర్పుగా మార్చి రాశారు. దానికి మీరు "సరే" అన్నారు. శనివారం ఆఫీసుకు వచ్చేలోపు ఇది చదవండి. అసలైన సందేశాలను ఉన్నవి ఉన్నట్లు పెట్టి, వాటి కింద నాకు తోచింది రాస్తున్నాను.

ముందుగా లెక్క. 2019 భాగస్వామ్య పత్రంలో వాటాలు ఆయనకు 60, మీకు 40. పెట్టుబడి ఆయనది 18 లక్షలు, మీది 4 లక్షలు. 2022-23లో లాభం 9 లక్షలు, 2023-24లో 12 లక్షలు. ఆ రెండేళ్లూ చెరిసగం తీసుకున్నారు. 2024-25 లాభం 14,40,000 రూపాయలు. సగమైతే మీకు 7,20,000, పత్రం ప్రకారమైతే 5,76,000.

జూన్ 9

రమణ: అన్నయ్యా, మార్చి లెక్కలు తేలాయి కదా. లాభం 14 లక్షల 40 వేలని ఆడిటర్ గారు చెప్పారు. నా వాటా 7 లక్షల 20 వేలు ఈ నెలలో ఇస్తే పాప కాలేజీ ఫీజు కట్టేస్తాను.

సుబ్బారావు: చూద్దాం రమణా. కర్నూలు లారీల వాళ్ల దగ్గర ఇంకా 3 లక్షలు రావాలి. రెండు ఛాసిస్‌లు షెడ్డులోనే ఉన్నాయి.

రమణ: బాకీలు ఎప్పుడూ ఉండేవే. నిరుడు కూడా ఉన్నాయి. అయినా పంచుకున్నాం.

సుబ్బారావు: తొందరేముంది? రిటర్ను గడువు సెప్టెంబరు 15కు పెంచారు కదా.

ఇందులో సగం న్యాయమైన మాట, సగం కాలయాపన. కాగితం మీద లాభం ఉన్నంత మాత్రాన గల్లాపెట్టెలో డబ్బు ఉన్నట్లు కాదు. బాడీ కట్టించుకున్నవాళ్లు డబ్బు ఇవ్వకపోతే పంచడానికి ఏమీ ఉండదు. కాబట్టి కర్నూలు బాకీ మాట కొట్టిపారేయకండి. రిటర్ను గడువు సంగతి వేరు. అది సంస్థకూ ఆదాయపు పన్ను శాఖకూ మధ్య వ్యవహారం. భాగస్వాములు ఎప్పుడు పంచుకోవాలన్నది దాన్ని బట్టి ఉండదు. ఇంకొకటి: మీరు 7,20,000 అన్నప్పుడు ఆయన ఆ అంకెను కాదనలేదు. అంతమాత్రాన ఒప్పుకున్నట్లు కాదు కానీ, జూలై 21న ఆయన ఎత్తిన "అడ్వాన్సు" అనే మాట ఆ రోజుకు ఆయన మనసులో లేదని చెప్పడానికి అది పనికొస్తుంది.

జూన్ 17

సుబ్బారావు: పత్రంలో మనది 60-40 కదా రమణా.

రమణ: పత్రం 2019 నాటిది. కోవిడ్ తరువాత మీరు షెడ్డుకు రావడమే మానేశారు. ఉదయం 7 నుంచి రాత్రి 9 దాకా నేనే ఉంటున్నాను. వెల్డర్లు, పెయింటర్లు, లారీ యజమానులు అందరూ నా నెత్తి మీదే. నా కష్టానికి విలువ లేదా?

సుబ్బారావు: కష్టం ఎవరు కాదన్నారు? రెండేళ్లు సగం సగం తీసుకున్నాం, కాదనను. నువ్వు పడే కష్టం చూసి, పాప చదువు చూసి నేనే ఒప్పుకున్నాను.

రమణ: పాప చదువు సంగతి ఎత్తకండి. నాకు ఎవరి దానమూ అక్కర్లేదు.

మొత్తం చాట్‌లో మీకు బలమైన వాక్యం ఇదే: "నేనే ఒప్పుకున్నాను". రెండేళ్లు చెరిసగం తీసుకోవడం, దానికి ఆయన సమ్మతి, ఆ సమ్మతికి కారణాల్లో మీ పని ఒకటి కావడం, మూడూ ఆయన నోటితోనే వచ్చాయి. కోపంలో మీకు పాప చదువు ఒక్కటే వినిపించింది. దానం అన్నది మీ మాట, ఆయనది కాదు. రేపు ఆయన తరఫు వకీలు ఆ మాట మీద వేలు పెట్టి "చూడండి, ఇది వాటా కాదని ఈయనే అంటున్నారు" అంటారు.

మీకు నచ్చని సంగతి ఒకటి చెప్పాలి. 1932 భాగస్వామ్య చట్టం 13వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనంతవరకు, వ్యాపారం చూసుకున్నందుకు భాగస్వామికి జీతం రాదు. మీ పత్రంలో జీతం క్లాజు లేదు. అంటే మీరు ఎన్ని గంటలు షెడ్డులో నిలబడ్డారన్నది ఎంత నిజమైనా దానంతట అది వాటాను పెంచదు. మనకు ఉపయోగపడేది 11వ సెక్షన్. భాగస్వాముల ఒప్పందాన్ని అందరి సమ్మతితో మార్చుకోవచ్చు, ఆ సమ్మతి నడిచిన వ్యవహారాన్ని బట్టి కూడా తెలియవచ్చు అని అది చెబుతుంది. రెండేళ్ల చెరిసగం, దాని మీద జూన్ 17 మాట, ఇవే మన వాదన. మార్పులు రాతపూర్వకంగానే జరగాలని మీ పత్రంలో ఉన్న క్లాజు మనకు అడ్డొస్తుంది. గట్టిగా వాదిస్తాను. గెలిచి తీరతామని మాత్రం మాట ఇవ్వను.

జూన్ 28

రమణ: మూడేళ్ల క్యాపిటల్ ఖాతాల లెడ్జరు పంపండి అన్నయ్యా.

సుబ్బారావు: ఆషాఢం వచ్చింది కదా. శ్రావణంలో మంచి రోజు చూసుకుని కూర్చుని మాట్లాడుకుందాం.

జూలై 5

రమణ: లెడ్జరు?

సుబ్బారావు: ఆడిటర్ గారు ఊళ్లో లేరు.

జూలై 12

రమణ: ఈ రోజైనా పంపుతారా?

(జవాబు లేదు. రెండు నీలి టిక్కులు ఉన్నాయి.)

అసలైన సాగదీత ఇది. ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టరేమో కానీ, పాత లెడ్జరు ఫొటో తీసి పంపడానికి ముహూర్తం అక్కర్లేదు. ఒక్క విషయం గమనించారా? డబ్బు అడిగినప్పుడు ఆయన ఏదో ఒక సమాధానం చెప్పారు. లెడ్జరు అడిగినప్పుడు మాత్రం తప్పించుకున్నారు. ఎందుకంటే ఆ రెండేళ్లలో మీకు వచ్చిన సగాన్ని లాభం వాటాగా జమ చేశారా, లేక 40 శాతం జమ చేసి మిగతాది మీ పేరున అడ్వాన్సుగా రాశారా అన్నది అక్కడే తేలుతుంది. పూర్తిగా వాటాగా రాసి ఉంటే వివాదం చాలావరకు తీరిపోతుంది. అడ్వాన్సుగా రాసి ఉంటే మన పని కష్టమవుతుంది, అదీ ఇప్పుడే తెలియాలి. లెక్కల పుస్తకాలు చూసే హక్కు, నకలు తీసుకునే హక్కు 12వ సెక్షన్ కింద మీకు ఉన్నాయి. ఇది ఆయన దయ కాదు.

జూలై 21

సుబ్బారావు: రమణ గారికి. మన సంస్థ 2019 భాగస్వామ్య పత్రం ప్రకారం లాభాల వాటా 60:40 అని మీకు తెలిసినదే. గత రెండు ఆర్థిక సంవత్సరాలలో మీ వాటాకు మించి చెల్లించిన రూ. 2,10,000 మీ కుటుంబ అవసరాల నిమిత్తం, మీ కోరికపై ఇచ్చిన అడ్వాన్సు మాత్రమే. ఈ సంవత్సరపు మీ వాటా రూ. 5,76,000 నుంచి దానిని మినహాయించి రూ. 3,66,000 చెల్లించుటకు సిద్ధంగా ఉన్నాను. ఏడు రోజులలో అభ్యంతరం తెలియజేయనిచో అంగీకరించినట్లు భావించగలను.

రమణ: సరే అన్నయ్యా, చూద్దాం. శ్రావణంలో కూర్చుందామన్నారు కదా.

"రమణా, నువ్వు" అని పిలిచే మనిషి "రమణ గారికి, మీకు" అని రాశారు. ఈ సందేశం మీ కోసం కాదు, రేపు దీన్ని చదవబోయే మూడో మనిషి కోసం. ఎవరో తెలిసినవాళ్లు రాసిచ్చి ఉంటారు. అది నేరమేమీ కాదు, మీరూ నా దగ్గరకు అందుకే వచ్చారు. జూన్ 17న "నేనే ఒప్పుకున్నాను" అన్నది ఇక్కడ "మీ కోరికపై ఇచ్చిన అడ్వాన్సు" అయింది. పాప చదువు మిగిలింది, మీ కష్టం ఎగిరిపోయింది. 2,10,000 లెక్క వరకు సరిగ్గానే ఉంది (మొదటి ఏడు 90 వేలు, రెండో ఏడు 1,20,000). దానికి పెట్టిన పేరే వివాదం.

మీరు ఊరికే ఉంటే అంగీకరించినట్లేనని ఆయనంతట ఆయన తీర్మానిస్తే సరిపోదు. కానీ మీరు ఊరికే లేరు, "సరే" అన్నారు. కూర్చుని మాట్లాడదామన్న ఉద్దేశంతో అన్నారని నాకు తెలుసు. ఆ ఉద్దేశం కాగితం మీద కూడా ఉండాలి.

ఇక ఆయన దిగివస్తున్నారని మీకు ఎందుకు అనిపించిందో చెప్పనా? నిన్న ఫోనులో "ఐదు లక్షలతో ముగిద్దాం, మనలో మనకు గొడవెందుకు" అన్నారట. అది చాట్‌లో ఎక్కడా లేదు. రాజీ మాటలు ఫోనులో, బిగింపు మాటలు రాతలో నడుస్తున్నాయి. పైగా ఆ ఐదు లక్షలు ఆయన చెప్పే పత్రం ప్రకారం మీకు రావలసిన 5,76,000 కన్నా తక్కువే. రాజీ వద్దని నేను అనడం లేదు. మీ ఇద్దరూ కలిసి నిలబెట్టిన షెడ్డు అది, అది నడవడం అన్నిటికన్నా ముఖ్యం. 40 శాతానికి దిగువన మొదలయ్యే బేరాన్ని మాత్రం రాజీ అని అనుకోకండి.

ఈ కింది సందేశం రేపే పంపండి. 28 దాకా ఆగవద్దు.

"సుబ్బారావు అన్నయ్యకు. జూలై 21న మీరు పంపిన సందేశంతో నేను ఏకీభవించడం లేదు. ఆ రోజు నేను 'సరే, చూద్దాం' అన్నది కూర్చుని మాట్లాడుకుందామన్న మాటకే, మీ లెక్కకు కాదు. 2022-23, 2023-24 సంవత్సరాల లాభం మీ సమ్మతితోనే సమానంగా పంచుకున్నాం. ఆ సంగతి జూన్ 17న మీరే ఈ చాట్‌లో రాశారు. అది అడ్వాన్సు అని జూలై 21కి ముందు మీరు ఎప్పుడూ చెప్పలేదు. మూడేళ్ల క్యాపిటల్ ఖాతాల లెడ్జరును జూలై 31లోగా నాకు చూపించండి, నకలు ఇవ్వండి. మీరు ఒప్పుకుంటున్న రూ. 3,66,000 ఇప్పుడే చెల్లించవచ్చు. దాన్ని నా వాటాలో కొంత ముట్టినట్లుగా మాత్రమే తీసుకుంటాను, పూర్తి పరిష్కారంగా కాదు. కర్నూలు బాకీ వచ్చేదాకా మిగతా మొత్తం విషయంలో గడువు మాట్లాడుకోవడానికి నేను సిద్ధం."

"అన్నయ్య" అన్న పిలుపు కావాలనే ఉంచాను. మీరు మనిషిని దూరం చేసుకోవడం లేదు, లెక్కతోనే విభేదిస్తున్నారు. "అడ్వాన్సు అని ఎప్పుడూ చెప్పలేదు" అన్న వాక్యం నిజమైతేనే ఉంచండి. 2023లో, 2024లో డబ్బు పడిన రోజుల చాట్ వెతకండి. అక్కడ ఎక్కడైనా ఆ మాట ఉంటే ముందు నాకు చెప్పండి, వాక్యం మారుస్తాను.

ఇకనుంచి ఆయన ఫోను చేస్తే మాట్లాడండి, మర్యాదగా వినండి. ఆ సాయంత్రమే "మీరు ఈ రోజు ఫోనులో ఇలా అన్నారు, ఆలోచించి చెబుతాను" అని చాట్‌లో ఒక్క వరుస రాయండి. దానికి ఆయన ఏమంటారో, ఏమీ అనకుండా ఉంటారో, రెండూ మనకు సమాచారమే.

ఒక్క సందేశమూ చెరపకండి, మీకు ఇబ్బందిగా అనిపించే దానం మాటతో సహా. ఫోను మార్చకండి. స్క్రీన్‌షాట్లు నాకు చదువుకోవడానికి చాలు కానీ, కోర్టుకు వెళితే 2023 భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి, అసలు ఫోను అందుబాటులో ఉండాలి. శనివారం వచ్చేటప్పుడు ఆ ఫోను, 2019 పత్రం, సంస్థ రిజిస్ట్రేషన్ కాగితం తీసుకురండి. రిజిస్ట్రేషన్ లేకపోతే భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ కారణంగా ఈ వాటా కోసం దావా వేసే దారి మనకు దాదాపు మూసుకుపోతుంది. అది చూశాకే మిగతా సంగతులు మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ న్యాయవాది