మధురవాడ ప్రాజెక్ట్ బ్రోషర్: రెండో ప్రూఫు మీద దిద్దుబాట్లు

నమస్తే సార్,

16 పేజీల ప్రూఫు చదివాను. ఫొటోలు, రంగులు బాగున్నాయి, వాటి జోలికి పోలేదు. మీరు పంపిన జీవీఎంసీ ప్లాను, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్ట్ పేజీ, సేల్ అగ్రిమెంట్ నకలు, ఈ మూడూ పక్కన పెట్టుకుని వాటిలో లేని మాట కనిపించిన చోటల్లా ఎర్ర గీత కొట్టాను. గీతలు ఎక్కువే పడ్డాయి. మీ ఎండీ గారు అడిగితే చూపించడానికి వీలుగా కారణాలు కూడా రాస్తున్నాను.

ముందుగా కవర్. "2027 దసరాకి మీ కొత్త ఇంట్లో గృహప్రవేశం!" అని పెద్దక్షరాల్లో ఉంది. రెరాలో మీరు నమోదు చేసిన పూర్తి గడువు 31 మార్చి 2028. అగ్రిమెంట్‌లోనూ అదే తేదీ. అంటే మీరే సంతకం చేసిన తేదీ కంటే ఐదు నెలలకు పైగా ముందు తేదీని కవర్ మీద అమ్ముతున్నారు. సైటు ఇంజనీర్ "దసరాకి అయిపోతుంది సార్" అన్నారని చెప్పారు. అయితే సంతోషమే, ఆ రోజు కొన్నవాళ్లకు ఫోన్ చేసి చెప్పండి. ముందే అచ్చు వేయకండి. కవర్ మీద ఇలా ఉండాలి:

"నిర్మాణం పూర్తి చేసేందుకు రెరాలో నమోదైన గడువు: 31 మార్చి 2028. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన తర్వాతే ఫ్లాట్ అప్పగిస్తాం."

పండగ మాట మొత్తం తీసేశాను. మా పిన్ని ఓ చోట "వచ్చే ఉగాదికి" అన్న బ్రోషర్ చూసి కొంది. ఏ ఏడాది ముద్రించినా "వచ్చే ఉగాదే" కదా, ఆవిడకి నాలుగో ఉగాదికి తాళాలు ఇచ్చారు.

చివరి పేజీ అడుగున బూడిద రంగులో, భూతద్దం పెడితే తప్ప కనపడని సైజులో "పై తేదీకి 6 నెలల గ్రేస్ పీరియడ్ అదనం" అని ఉంది. తీసేశాను. గడువు పొడిగించాల్సింది రెరా అథారిటీ. తుపాను, వరద, భూకంపం లాంటివి వస్తే రెరా చట్టం 6వ సెక్షన్ కింద మీరు దరఖాస్తు చేసుకోవచ్చు. వేరే సహేతుకమైన కారణాలున్నా, మీ తప్పు లేదని అథారిటీ ఒప్పుకుంటే, మొత్తం మీద ఏడాదికి మించకుండా ఇస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ ఏం చేసిందో విశాఖలో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు, అలాంటిది వస్తే కొనేవాళ్లకే అర్థమవుతుంది. అంతేగానీ మనకి మనమే ఆరు నెలలు రాసేసుకుంటే కుదరదు. అగ్రిమెంట్ తేదీకి ఇల్లు ఇవ్వకపోతే 18వ సెక్షన్ కింద కొన్నవాళ్లు డబ్బు వడ్డీతో వెనక్కి అడగొచ్చు. ఉండిపోదామనుకుంటే, అప్పగించేదాకా నెల నెలకీ వడ్డీ కట్టాల్సింది మీరే.

4, 5 పేజీలు. ఇక్కడే ఎక్కువసేపు కూర్చున్నాను. "32 అంతర్జాతీయ స్థాయి సౌకర్యాలు" అన్నారు కదా, ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. సముద్రపు గాలి, ఉదయపు ఎండ, సూర్యోదయ దృశ్యం, వాస్తు, ఈ నాలుగూ సౌకర్యాల కింద రాసేశారు. గాలీ ఎండా మీరు కట్టేవి కావు. ఇంకో ఐదు ఒకే వస్తువుకి రెండో పేరు: "జాగింగ్ ట్రాక్" ఒకటి, "హెల్త్ వాక్" ఇంకొకటి, ప్లానులో దారి మాత్రం ఒక్కటే. మరో తొమ్మిది క్లబ్‌హౌస్‌లో ఉన్నాయి. ఆ క్లబ్‌హౌస్ రెండో దశలో ఉంది, రెండో దశ ఇంకా రెరాలో రిజిస్టర్ కాలేదు. రిజిస్టర్ కాని దాన్ని ప్రకటించడానికే 3వ సెక్షన్ ఒప్పుకోదు. అందుకే ఆ రెండు పేజీల క్లబ్‌హౌస్ బొమ్మలు కూడా తీయించాలి. డిజైనర్ కష్టం వృథా అవుతుందని తెలుసు. మిగిలినవి 14. వాటికి కొత్త పాఠం ఇది:

"మొదటి దశలో, ఆమోదించిన ప్లాను ప్రకారం నిర్మించేవి: స్విమ్మింగ్ పూల్ (18 మీ. × 7.5 మీ.), పిల్లల పూల్, ఎ టవర్ మొదటి అంతస్తులో జిమ్ (1,200 చ.అ.), ఫంక్షన్ హాలు (1,800 చ.అ.), ఇండోర్ ఆటల గది, పిల్లల ఆట స్థలం, ఒక బ్యాడ్మింటన్ కోర్టు, 310 మీటర్ల నడక బాట, తోట, పెద్దలు కూర్చునే పందిరి, ఇంకుడు గుంతలు, మురుగునీటి శుద్ధి ప్లాంటు, సీసీ కెమెరాలు, జనరేటర్. ఇవన్నీ ఎ, బి టవర్ల వారికి ఉమ్మడి."

పూల్ పక్కన ఉన్న "ఒలింపిక్ సైజు" కొట్టేశాను. ఒలింపిక్ పూల్ 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు. మనది 18. మన పూల్‌లో తప్పేం లేదు, పిల్లలు హాయిగా ఈదుకుంటారు. కొలత వేస్తే చాలు.

"100% పవర్ బ్యాకప్" ఉన్న చోట: "లిఫ్టులు, మెట్లు, నీటి పంపులకు పూర్తి బ్యాకప్, ప్రతి ఫ్లాటుకూ లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ నడిచేంత. ఏసీలకు, గీజర్లకు లేదు." ఆ చివరి మూడు పదాలు తీసేయమంటారని తెలుసు. ఎండాకాలం మొదటిసారి కరెంటు పోయిన రాత్రి అందరూ అడిగేది ఆ మూడు పదాల గురించే, కాబట్టి ఉంచండి.

"సీ వ్యూ ఫ్లాట్లు" అని అన్నిటికీ కలిపి రాయకూడదు. ఎ టవర్ తూర్పు వైపు, 7వ అంతస్తు నుంచి పైకి మాత్రమే కనిపిస్తుందని మీ ఆర్కిటెక్టే చెప్పారు. "తూర్పున ఉన్న ఖాళీ స్థలం మాది కాదు, అక్కడ కట్టడం వస్తే దృశ్యం మారవచ్చు" అన్న వాక్యం చేర్చాను.

7వ పేజీలో "రుషికొండ బీచ్‌కి 5 నిమిషాలు". సైటు గేటు నుంచి రోడ్డు మీద 6.2 కి.మీ. అని మీ షీట్‌లోనే ఉంది, ఆ అంకె వేశాను. తెల్లవారుజామున నాలుగింటికి, సిగ్నళ్లన్నీ పచ్చగా ఉంటే ఐదు నిమిషాలు కుదురుతుందేమో. మెట్రో స్టేషన్ గుర్తు, భోగాపురం విమానాశ్రయం "20 నిమిషాలు" రెండూ మ్యాప్ నుంచి తీసేశాను. మెట్రో మీరు కట్టేది కాదు, ఎప్పుడొస్తుందో మీ చేతిలో లేదు.

ఫ్లాటు కొలతల పేజీలో "1,450 చ.అ." ఒక్కటే ఉంది. అది గోడలు, మెట్లు, కారిడార్ల వాటా కూడా కలిపిన సూపర్ బిల్టప్ లెక్క. దానికంటే ముందు, అదే సైజు అక్షరాల్లో "కార్పెట్ ఏరియా 1,010 చ.అ., బాల్కనీ 85 చ.అ. వేరుగా" అని వేశాను. చట్టం లెక్కలో కార్పెట్ ఏరియా అంటే బయటి గోడలు, బాల్కనీ, షాఫ్టులు పోను ఇంటి లోపలి స్థలం. లోపలి అడ్డుగోడలు కలుస్తాయి.

రెరా రిజిస్ట్రేషన్ నంబరునూ rera.ap.gov.in చిరునామానూ వెనక అట్ట నుంచి కవర్ మీదికి తెచ్చాను. 11వ సెక్షన్ ప్రకారం అవి ప్రముఖంగా కనబడాలి.

ఇక "బ్రోషర్ కేవలం సమాచారం కోసం, దీనికి చట్టపరమైన విలువ లేదు" అన్న వాక్యం. తీసేయండి. ప్రకటనలో తప్పు సమాచారం నమ్మి డబ్బు కట్టి నష్టపోతే 12వ సెక్షన్ ఆ కొన్నవాళ్ల పక్షాన ఉంది, పరిహారం ఇప్పిస్తుంది. అడుగున ఎంత చిన్న అక్షరాల్లో ఏం రాసుకున్నా అది ఆగదు. దాని బదులు, "ఇంటీరియర్ చిత్రాలు ఊహాచిత్రాలు, ఫర్నిచర్, సోఫాలు, కర్టెన్లు ఇవ్వబడవు" అని ఆ బొమ్మల కిందే వేశాను.

ధరల పేజీ ముట్టుకోలేదు, అది మీ అకౌంట్స్ వాళ్లు చూడాలి. ఒకటి మాత్రం చెప్తాను: బుకింగ్‌కి "20% కట్టండి" అని ఉంది. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా 10% దాటి తీసుకోకూడదు, 13వ సెక్షన్.

హోర్డింగుల మీద, వాట్సాప్‌లో పంపే చిన్న పోస్టర్ల మీద కూడా దసరా మాటే ఉంది. బ్రోషర్ దిద్ది వాటిని వదిలేస్తే లాభం లేదు. ఎన్‌ఏడీ దగ్గరి హోర్డింగు ముందు దింపించండి. ప్రెస్‌కి సోమవారం ఇవ్వాలన్నారు కాబట్టి మూడో ప్రూఫు శనివారం సాయంత్రంలోగా పంపండి, ఆదివారం చూసి ఇచ్చేస్తాను.