మా వాడికి ఒక్క మాటే వచ్చు

చెల్లెమ్మా,
మూడు ముళ్లూ పడ్డాయి,
ఇంక వాపసు తీసుకునేది లేదు,
కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు.

వీడు ఫోన్లో "దారిలో ఉన్నా" అన్నాడంటే
బకెట్లోకి ఇంకా నీళ్లు పడుతున్నాయని.
"సందు చివరికొచ్చేశా" అన్నాడంటే
తల తుడుచుకుంటున్నాడని.
అమీర్‌పేట హాస్టల్లో, మూడో అంతస్తు గదిలో,
రోజూ మూడు అలారాలు పెట్టుకునేవాడు.
మూడూ మేమే లేచి ఆపేవాళ్లం.
అలాంటివాడు
తెల్లవారుజామున 4.17 ముహూర్తానికి
రెండింటికే తలంటు పోసుకుని
పంతులుగారి తలుపు కొట్టాడు.
ఏం చేశావమ్మా వీణ్ణి?

ఓ సంక్రాంతికి గౌతమిలో
ఇద్దరికీ కలిపి ఒక్క ఆర్ఏసీ బెర్తు.
"సగం నీది, సగం నాది" అని
బుద్ధిగా కాళ్లు ముడుచుకున్నవాడు
కాజీపేట దాటేసరికి ముప్పావు వంతు ఆక్రమించాడు.
తిట్టుకుంటూనే నిద్రపోయాను.
సామర్లకోటలో మెలకువొచ్చి చూస్తే
దుప్పటి మొత్తం నా మీదుంది.
వీడు చేతులు చంకల్లో దూర్చుకుని
గురక పెడుతున్నాడు.
చోటు దగ్గర జాగ్రత్త తల్లీ.
దుప్పటికి మాత్రం బెంగ పెట్టుకోకు.

ఇంకొకటుంది.
మా నాన్నకి బాగోలేక
ఆస్పత్రి వరండా బెంచీ మీద
ఆరు రాత్రులున్నాను.
ధైర్యం చెప్పడానికి చాలామంది వచ్చారు.
వీడు స్టీలు క్యారేజీతో వచ్చాడు.
"తిన్నావా?" అన్నాడు.
ముద్దపప్పు, ఆవకాయ, కాస్త నెయ్యి.
తనే వండాడు, పప్పులో ఉప్పు మరిచిపోయాడు.
నేను తింటున్నంతసేపూ
ఎదురు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు,
నేను ఏడుస్తున్న సంగతి తనకి తెలీనట్టు.
ఆరు రాత్రులూ అదే క్యారేజీ, అదే మాట.

వీడికి ప్రేమ అన్న మాట నోట తిరగదు చెల్లెమ్మా.
కోపమొస్తే పలకడు.
రెండు గంటలు పోయాక గుమ్మంలో నిలబడి
"తిన్నావా?" అంటాడు.
తప్పు నాదే అనడం అదే,
నువ్వు లేకపోతే తోచలేదనడమూ అదే.
తిన్నానని మాత్రం అనకు.
కడుపు నిండుగా ఉన్నా సరే,
"రా, కలిసి తిందాం" అను.

ఒరేయ్, ఇప్పుడు నీతో.
ఇందాక బిందెలో ఉంగరం వెతికేటప్పుడు
మూడుసార్లూ ఓడిపోయావని
మీ అత్తలూ పిన్నులూ ఒకటే నవ్వు.
నేను నీ భుజం పక్కనే ఉన్నాను రా.
ఉంగరం నీ వేళ్లకే తగిలింది.
నువ్వే నీళ్లలో మెల్లగా
ఆమె చేతివైపు తోశావు.
ఎవరికీ చెప్పకూడదనుకున్నాను.
చెప్పేశాను.

అదిగో, తలంబ్రాలింకా జుట్టులో ఉండగానే
ఆమె చెవి దగ్గరికి వంగి
ఏదో అడిగావు.
ఇక్కడ ఎవరికీ వినపడలేదు.
ఆమె లేదన్నట్టు తలూపింది.
నిన్నటినుంచి ఉపవాసం, పాపం.

వడ్డించేవాళ్లేరండీ?
ముందు వీళ్లిద్దరికీ ఆకులెయ్యండి,
పక్కపక్కన.