దీర్ఘకాల సేవా సత్కార సాయంత్రం: వేదిక నిర్వహణ పత్రం

స్థలం: జూట్ మిల్లు క్యాంటీన్ హాలు, విజయనగరం. శనివారం సాయంత్రం 6 నుంచి 7.30 వరకు.
సత్కారం: పదేళ్లవారు 6, ఇరవయ్యేళ్లవారు 3, ముప్పై ఐదేళ్లవారు 2. మొత్తం 11 మంది.
ఈ కాగితం వ్యాఖ్యాత, మైకు మనిషి, బహుమతుల బల్ల, గేటు దగ్గర మాత్రమే ఉండాలి. ముందుగా ఎవరికీ తెలియకూడని తప్పెటగుళ్ల సంగతి ఇందులో ఉంది కాబట్టి నోటీసు బోర్డుకు ఎక్కకూడదు.

ముందురోజు

సర్వీసు ఏళ్లు పీఎఫ్ రికార్డు నుంచి దించవద్దు. బదిలీ కార్మికుడిగా, అంటే రానివాళ్ల చోట, చేసిన ఏళ్లు అందులో కనిపించకపోవచ్చు. మొదటి టోకెన్ తేదీ టైం ఆఫీసు పాత రిజిస్టరులో చూసి, ఆ మనిషికి చదివి వినిపించి ఖాయం చేయాలి. ఒక్క ఏడాది తగ్గించి చదివితే శాలువా కప్పినా మనసు చల్లబడదు. ఇంటిపేరు, పలికే తీరు కూడా అప్పుడే అడగాలి.

బి షిఫ్టులో ఉన్న నలుగురికి 4.30కే రిలీవర్లు రావాలి. నూనె చేతులతో నేరుగా వేదిక ఎక్కించవద్దు. స్నానానికీ బట్టలకూ గంట పడుతుంది. ముందు రెండు వరుసలు కుటుంబాలవి, ఆఫీసర్లది మూడో వరుస.

6.00 దీపం. వెలిగేదాకా వేదిక మీది ఫ్యాన్లు ఆపాలి.

6.05 జనరల్ మేనేజర్ మాట (2 నిమిషాలు):

"అందరికీ నమస్కారం. ఉత్పత్తి లెక్కలు ఈ పూట ఎత్తను. ఈ పదకొండు మంది దగ్గర పని నేర్చుకున్నవాళ్లెవరని సెక్షన్లలో అడిగాను. చేతులెత్తినవాళ్లలో ఇవాళ సూపర్‌వైజర్లుగా ఉన్నవాళ్లూ ఉన్నారు. మిషను కొంటే వస్తుంది, చేతివాటం కొంటే రాదు. ఇక్కడికొచ్చిన కుటుంబాలకు ఒక మాట: రాత్రి షిఫ్టుల్లో ఇల్లు నెట్టుకొచ్చింది మీరు. ఈ సత్కారంలో సగం మీదే."

6.10 పదేళ్లవారు ఆరుగురూ కలిసి వస్తారు. పేరు, సెక్షను చదివితే చాలు. పొందూరు ఖద్దరు కండువా, ఒకే ఫొటో.

6.20 ఇరవయ్యేళ్లవారు, ఒక్కొక్కరుగా. ముందు కండువా, తర్వాత ప్రశంస, చివర పటం. పటం ముందే ఇస్తే రెండు చేతులూ నిండిపోయి దండం పెట్టడానికి వీలుండదు. ఫ్లాష్ పడి అద్దం మెరుస్తుంది, ఫొటోకి పటాన్ని కాస్త కిందికి వంచమనాలి.

"సింహాచలం గారు, కార్డింగ్. దుమ్ము పేరుకున్న చోట నిప్పు పుడుతుందని షిఫ్టు దిగేముందు మిషను కింద ఊడ్చే అలవాటు సెక్షనంతటికీ నేర్పారు."

"సూర్యనారాయణ గారు, వీవింగ్. చప్పుడు విని ఏ మగ్గంలో షటిల్ తేడాగా పోతోందో చెప్పగలరు."

"లక్ష్మి గారు, ఫినిషింగ్. గోనె సంచి మూతి కుట్టు లూజైతే ఆమె బల్ల దాటదు."

6.45 ముప్పై ఐదేళ్లవారు. వ్యాఖ్యాత తొందరపడకూడదు. ఒక్కొక్కరికి ఎనిమిది నిమిషాలున్నాయి.

"అప్పలనాయుడు గారు, బ్యాచింగ్. గోగునార జనపనార కంటే మొరటు. నూనె, నీళ్ల మిశ్రమం చల్లి పోగేశాక అది ఎప్పుడు మెత్తబడిందో గడియారం చెప్పదు, పోగులో పెట్టిన చెయ్యి చెబుతుంది. ముప్పై ఐదేళ్లుగా ఆ చెయ్యి ఈయనది. పచ్చినార తొందరపడి కార్డింగుకి పంపమన్నప్పుడు 'రేపు పొద్దున బాబూ' అని ఆపింది ఈయనే."

బహుమతి: పనస చెక్కతో చేసిన చిన్న బొబ్బిలి వీణ. పెట్టెలోంచి తీసి బల్ల మీద ఉంచాలి. వేదిక మీద టేపు కోస్తూ నిలబడితే చప్పట్లు చల్లారిపోతాయి.

"రమణమ్మ గారు, స్పిన్నింగ్. ఫ్రేము ఆగకుండా తెగిన పోగు అతకడం ఈమె దగ్గర నేర్చుకోని ఆడపిల్ల మన సెక్షనులో లేదు. కొత్త పిల్లలను ముందు జుట్టు ముడి వేసుకోమంటారు, తర్వాతే పోగు ముట్టనిస్తారు."

ఈ ప్రశంస *పూర్తయ్యాకే* పక్క తలుపు నుంచి ఆమెకు పని నేర్పిన, రిటైరైన సెక్షను మేస్త్రీ సర్దార్ వస్తారు. వీణ ఆయన చేతుల మీదుగా ఇవ్వాలి. ఆయన అంటానని కోరిన మాట ఒక్కటే: "ఏటమ్మా, ఇంకా నాకంటే బేగే అతుకుతన్నావా?" ఆయనకు మెట్లు కష్టం, పక్కన ఒకరు ఉండాలి. ఈ సంగతి రమణమ్మ గారి కూతురికి మాత్రం చెప్పాం.

మిల్లు కూత వేయిద్దామన్న ఆలోచన మానుకున్నాం. వేళకాని కూత వింటే నిప్పంటుకుందని జనం గేటు దగ్గరికి వస్తారు.

7.05 యూనియన్ కార్యదర్శి మాట (2 నిమిషాలు):

"అప్పలనాయుడన్నకి, రమణమ్మక్కకి, అందరికీ దండాలు. డిమాండ్ల కాగితం సోమవారం ఇస్తాం, ఇవాళ కాదు. బదిలీలో ఉన్న తమ్ముళ్లూ, ఈ మెట్లు మీరూ ఎక్కాలి. మేనేజ్‌మెంటు ఈసారి బదిలీ ఏళ్లు కూడా లెక్కలో వేసింది. అది ఇకముందూ నిలవాలని అందరి ముందూ అడుగుతున్నాను."

7.10 సత్కారం పొందినవారిలో ఇష్టమున్నవారు మాట్లాడతారు. మైకు స్టాండుకే ఉంచాలి. వద్దన్నవారిని బతిమాలవద్దు.

7.20 తప్పెటగుళ్ల బృందం వెనక ద్వారం నుంచి ప్రవేశం, ఆరు నిమిషాలు. ఎద మీది తప్పెటలు, కాలి గజ్జెలు హాలులో గట్టిగా మోగుతాయి, మైకులన్నీ ఆపాలి. నడవలో కుర్చీలుంటే 7 గంటలకే తీయించాలి. బృందం అంతదాకా స్టోరు గదిలో ఉంటుంది, టీ అక్కడికే.

7.30 భోజనాలు. సత్కారం పొందినవారికీ కుటుంబాలకూ మొదటి పంక్తి. నెల్లిమర్ల, గంట్యాడ వైపు వెళ్లేవారికి 8.15కి మిల్లు వ్యాన్లు రెండు. వీణలు, పటాలు ఎవరివి వారికే చేరాయో లేదో వ్యాను ఎక్కేచోట పేరు చూసి సరిచూడాలి.