నాన్నగారి మెడ మీద మంట తగ్గించే కానుక

నమస్కారం,

గడ్డం గీసుకున్నాక నాన్నగారి మెడ ఎర్రబడుతోందా? చాలాసార్లు తప్పు చర్మానిది కాదు. మొద్దుబారిన బ్లేడు వెంట్రుకను కోయకుండా లాగుతుంది. దాంతో చెయ్యి ఇంకా గట్టిగా నొక్కుతుంది, మంట మొదలవుతుంది.

ఈ ఫాదర్స్ డే పెట్టెలో సేఫ్టీ రేజర్, 10 బ్లేడ్లు, బ్రష్, 100 గ్రాముల క్రీమ్, ఆల్కహాల్ కలపని బామ్ ఉన్నాయి. సువాసన కావాలనే కలపలేదు. అప్పుడే గీసిన చర్మానికి అది పడకపోవచ్చు.

ముందు గోరువెచ్చని నీళ్లతో గడ్డాన్ని 2 నిమిషాలు నాననివ్వాలి. శనగగింజంత క్రీమ్‌ను తడి బ్రష్‌తో నురగ చేయాలి. బ్లేడు చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఉండేలా రేజర్‌ను పట్టి, దాని బరువుతోనే కదలనివ్వాలి. మెడ దగ్గర వెంట్రుకలు పక్కకీ పైకీ కూడా పెరుగుతాయి, అందుకే వేలితో తడిమి, నున్నగా జారే వైపే గీయాలి. 5 షేవింగులకు బ్లేడు మార్చాలి. లాగుతున్నట్టుంటే ఇంకా ముందే.

నాన్నగారు గడ్డం పెంచుతారా? ఆర్డర్‌లో ఆ మాట రాయండి, రేజర్, బ్లేడ్లకు బదులు దువ్వెన, 30 మిల్లీలీటర్ల గడ్డం నూనె పెడతాం.

జూన్ మూడో ఆదివారానికి అందాలంటే ఆ ముందు సోమవారంలోగా ఆర్డర్ చేయండి. పెట్టెలో ఒక కార్డు ఉంటుంది, మీరు చెప్పే మాటలు దాని మీద మేమే చేత్తో రాసి పంపుతాం.